దుప్పటికి దోపు ఎంత వదలాలి?

"డబుల్ కాటా, సింగిల్ కాటా సార్?"

దుప్పట్ల కౌంటర్ దగ్గర మనల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. చాలాసార్లు చివరి ప్రశ్న కూడా ఇదే. "డబుల్" అంటాం. ఆయన పది ప్లాస్టిక్ కవర్లు దించుతాడు. మనం రంగు చూస్తాం, పువ్వులు చూస్తాం, బట్ట వేళ్ళ మధ్య నలిపి చూస్తాం, బేరమాడి తెచ్చుకుంటాం. ఆ రాత్రి బాగానే ఉంటుంది. మూడోరోజు తెల్లారి లేచేసరికి తలవైపు రెండు మూలలూ పైకి లేచి, దుప్పటి నడుం కింద చుట్టుకుపోయి, పరుపు బట్టమీద పడుకుని ఉంటాం.

పోయినేడాది మా ఇంట్లో ఇదే జరిగింది. ఇరవై ఏళ్ళనాటి బూరుగుదూది పరుపు తీసేసి కొత్త పరుపు కొన్నాం. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల మందం. దాంతోపాటే రెండు "డబుల్ బెడ్" దుప్పట్లు కూడా కొన్నాం. కవరు మీద 90 x 100 అని స్పష్టంగా రాసే ఉంది. చదివాను కూడా. తొంభై అంగుళాలంటే ఏడున్నర అడుగులు కదా, ఆరడుగుల మంచానికి బోలెడనుకున్నాను. వారం తిరక్కుండానే మా ఆవిడ మొదలుపెట్టింది: "ఏవండీ, రోజుకి నాలుగుసార్లు ఈ దుప్పటి సర్దడానికే నాకు సరిపోతోంది."

అప్పుడే మా పెద్దక్క వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. వార్డులో పక్కలు వేసీ వేయించీ ఆవిడ చేతులు అరిగాయి. దుప్పటి అంచు పట్టుకుని పరుపు కిందకి వేళ్ళు పెట్టి చూసి, "ఒరేయ్, దీనికి దోపు లేదురా" అంది.

ఆ మాట నాకు నచ్చింది. చీర కుచ్చిళ్ళు దోపుతారు, పంచె అంచు దోపుతారు. దోపిన కొంగు నిలుస్తుంది, దోపనిది జారుతుంది. దుప్పటి కూడా అంతే. పరుపు పైన కనబడే బట్ట దుప్పటిని పట్టి ఉంచదు, పరుపు కిందకి వెళ్ళిన బట్టే పట్టి ఉంచుతుంది. పరుపు బరువూ, దానిమీద పడుకున్న మన బరువూ కలిసి ఆ నాలుగు పక్కల బట్టనీ మంచం చెక్కకి అదిమిపెడతాయి. అలా అదమడానికి అక్కడ బట్టంటూ ఉండాలి కదా.

ఇక లెక్క. దుప్పటి పరుపు పైభాగం కప్పాలి. తర్వాత ఒక పక్క మందం దిగాలి, ఇంకో పక్క మందం దిగాలి. ఆపైన రెండు పక్కలా కిందకి దోపుకోవాలి. అంటే పరుపు వెడల్పుకి రెండు మందాలు, రెండు దోపులు కలిపితే దుప్పటి వెడల్పు వస్తుంది. పొడవుకీ అదే లెక్క. దోపు ఎంతుండాలంటే, మా అక్క కొలబద్ద ఇది: నాలుగు అంగుళాలకి తక్కువైతే నిలవదు, ఆరైతే నిలుస్తుంది, ఎనిమిది నుంచి పది ఉంటే నిశ్చింత. పదిహేను దాటితే కింద బట్ట ఉండలు కడుతుంది, పల్చటి పరుపైతే ఆ ఉండ వీపుకి కూడా తెలుస్తుంది.

మా పరుపుకి వేసి చూద్దాం. వెడల్పు 72 అంగుళాలు. రెండు వైపులా మందం ఎనిమిదెనిమిది పదహారు. మొత్తం 88. మేం కొన్న దుప్పటి వెడల్పు 90. మిగిలింది రెండంగుళాలు, అంటే పక్కకి ఒక అంగుళం. పొడవులో పరుపు 78, మందాలు 16, మొత్తం 94. దుప్పటి 100. మిగిలింది ఆరు, అంటే తలవైపు మూడు, కాళ్ళవైపు మూడు. కొత్తలో పరిస్థితి ఇదీ.

ఉతికాక ఏమవుతుంది? కాటన్ బట్ట మొదటి రెండు మూడు ఉతుకుల్లో ముడుచుకుంటుంది. నూటికి మూడు నుంచి అయిదు దాకా ముడుచుకోవడం మామూలే. సాధారణంగా అడ్డంకన్నా నిలువులో, అంటే పడుగు వైపు, ఎక్కువ పోతుంది. మగ్గం మీద పడుగు నూలుని బిగలాగి నేస్తారు, నీళ్ళు తగిలాక ఆ బిగువు వదిలి నూలు వెనక్కి వస్తుంది. అడ్డంలో నూటికి మూడు పోతే మా 90 అంగుళాలు 87కి దిగింది. పరుపుకి కావల్సింది 88. అంటే దోపు సంగతి దేవుడెరుగు, దుప్పటి పరుపు అడుగు అంచుదాకా కూడా రాదు. నిలువులో నూటికి అయిదు పోతే 100 కాస్తా 95 అయింది, పక్కకి అరంగుళం దోపు. మా ఆవిడ రోజుకి నాలుగుసార్లు సర్దిందంటే అది ఆవిడ తప్పూ కాదు, బట్ట తప్పూ కాదు. ఆ దుప్పటి ఆ పరుపుది కాదు, అంతే.

అయితే ఇదే 90 x 100 దుప్పటి మా పాత పరుపు మీద ఏళ్ళ తరబడి ఎలా నిలిచింది? పాత పరుపు మందం నాలుగంగుళాలు. వెడల్పు ఆరడుగులే అయినా 72కి 8 కలిపితే 80. పక్కకి అయిదంగుళాల దోపు వచ్చేది, ఉతికాక మూడున్నర. పెద్ద ఎక్కువేం కాదు. కానీ బూరుగుదూది పరుపు బట్ట గరుకు, దుప్పటిని పట్టుకుంటుంది. పరుపు కూడా బరువు, దోపిన బట్టని గట్టిగా అదుముతుంది. ఇప్పటి ఫోమ్ పరుపులకి పైన నున్నటి పాలిస్టర్ అల్లిక బట్ట వేస్తున్నారు, దానిమీద కాటన్ జారుతుంది. కొన్ని ఫోమ్ పరుపులు తేలిక, ఒక చేత్తో మూల లేపేయొచ్చు. మూల తేలిగ్గా లేస్తే కింద దోపిన బట్టా తేలిగ్గానే ఊడొస్తుంది. పరుపులు నాలుగు నుంచి ఆరుకి, ఎనిమిదికి, పదికి పెరిగాయి. దుకాణంలో "డబుల్" అన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది. తంటా అంతా ఇక్కడే ఉంది.

అసలు "డబుల్" అన్నది కొలత కాదు. ఫర్నిచర్ షాపుల్లో అనే మాటలే కాస్త నయం: ఐదు బై ఆరున్నర, ఆరు బై ఆరుంబావు, ఆరు బై ఆరున్నర. అంగుళాల్లో చెప్పాలంటే ఆరడుగులు 72, ఆరుంబావు 75, ఆరున్నర 78. మన దగ్గర దొరికే పరుపుల పొడవు దాదాపుగా ఈ మూడింట్లో ఒకటే. వెడల్పు మూడడుగులైతే సింగిల్, నాలుగైతే దివాన్ కాట్ లేదా చిన్న డబుల్, ఐదైతే క్వీన్, ఆరైతే కింగ్ అంటున్నారు. దుప్పట్లలో ఎక్కువగా కనబడేవి నాలుగు కొలతలు: 60 x 90, 90 x 100, 90 x 108, 108 x 108. కొన్ని కవర్ల మీద సెంటీమీటర్లలో 152 x 228 అనో, 228 x 274 అనో ఉంటుంది. రెండున్నరతో భాగించుకుంటే దాదాపుగా అంగుళాలు వచ్చేస్తాయి.

ఈ నాలుగు దుప్పట్లలో ఏది ఏ పరుపుకి నిజంగా నప్పుతుందో చూస్తే కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది. ఐదు బై ఆరున్నర పరుపు, ఆరంగుళాల మందం అనుకోండి. అడ్డం 60కి 12 కలిపితే 72, పొడవు 78కి 12 కలిపితే 90. దానిమీద 90 x 108 వేస్తే నాలుగు వైపులా సరిగ్గా తొమ్మిదేసి అంగుళాల దోపు వస్తుంది. కొలిచి కుట్టించినట్టుంటుంది. "డబుల్ బెడ్" అని రాసినది నిజానికి ఐదడుగుల మంచానిదన్నమాట. ఆరడుగుల మంచానికి 108 వెడల్పు తప్ప వేరే దారి లేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే నాకు రెండు దుప్పట్ల డబ్బు మిగిలేది.

మరి మా ఎనిమిదంగుళాల పరుపుకి 108 x 108 సరిపోయిందా? అడ్డంలో 108లోంచి 88 తీస్తే 20, పక్కకి పది. బ్రహ్మాండం. నిలువులో 94 తీస్తే 14, పక్కకి ఏడు. కొత్తలో పర్వాలేదు. ఉతికి అయిదు శాతం పోతే 108 కాస్తా 102, 103కి వస్తుంది. అప్పుడు పక్కకి నాలుగే. పది అంగుళాల పరుపైతే అదీ ఉండదు. దీనికి నేను కనిపెట్టిన మార్గం తానులోంచి కోయించుకోవడం. 108 పన్నా ఉన్న దుప్పటి బట్ట మీటర్ల లెక్కన అమ్మే షాపులున్నాయి. మూడు మీటర్లు తీసుకుంటే 118 అంగుళాలు. రెండు చివర్లా మడత కుట్టుకి రెండంగుళాలు పోయినా 116 మిగులుతుంది. ఉతికి ముడుచుకున్నా తలవైపూ కాళ్ళవైపూ ఎనిమిదేసి అంగుళాలు ఉంటుంది. పన్నా వైపు అంచులు మగ్గం మీదే కట్టుకుని వస్తాయి, వాటికి కుట్టు అక్కర్లేదు. దర్జీ పని రెండు చివర్లే.

సింగిల్ దుప్పటికి తంటా ఇంకోరకం. హాస్టల్ మంచం మూడడుగుల వెడల్పు, ఆరుంబావు పొడవు, అయిదంగుళాల పరుపు అనుకుందాం. 60 x 90 దుప్పటిలో అడ్డానికి లోటు లేదు. 36కి 10 కలిపితే 46, పక్కకి ఏడంగుళాల దోపు. నిలువులో 75కి 10 కలిపితే 85, మిగిలింది అయిదే. సమానంగా పంచితే రెండున్నర, అటూ ఇటూ రెండు వైపులా ఊడుతుంది. ఇక్కడ మా అక్క సలహా, సమానంగా పంచవద్దని. కాళ్ళవైపు అంచు పరుపు అడుగుదాకా దిగితే చాలు, ఆ అయిదూ తలవైపు దోపేయమంటుంది. మనిషి నిద్రలో మెసిలినప్పుడు దుప్పటిని కిందకి, కాళ్ళవైపుకే లాగుతాడు. పట్టు ఉండాల్సింది తలవైపు.

ఇక నాలుగడుగుల దివాన్ కాట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరంగుళాల పరుపు వేస్తే 48కి 12, సరిగ్గా 60. సింగిల్ దుప్పటి రెండు వైపులా అడుగు అంచుని ముద్దుపెట్టుకుని ఆగిపోతుంది, దోపు సున్నా. డబుల్ వేస్తే పక్కకి పదిహేను. రెండింట్లో ఏదో ఒకటి అంటే డబుల్ కొని, రెండు పక్కలా కాస్త కోయించి, ఆ ముక్కల్ని దిండు గలీబులకి పెట్టుకోవడం మేలు.

దోపు ఉన్నంతమాత్రాన చాలదు, మూల మడత కూడా రావాలి. దుప్పటి ఊడడం ఎప్పుడూ మూల దగ్గరే మొదలవుతుంది. అక్కడ పక్క బట్టా, తలవైపు బట్టా రెండూ కలిసి గుత్తిగా పోగవుతాయి. ఆ గుత్తిని అలాగే కుక్కేస్తే రాత్రికల్లా బయటికి వస్తుంది. నర్సులు వేసే మడత ఇలా ఉంటుంది. ముందు తలవైపు బట్టని పరుపు కిందకి పూర్తిగా దోపాలి. తర్వాత మూలకి జానెడున్నర దూరంలో పక్కన వేలాడుతున్న అంచుని పట్టుకుని పైకెత్తి పరుపు మీద వేయాలి. పరుపు మీద ముక్కోణం ఏర్పడుతుంది, తామరపాకు మడిచినట్టు. కింద ఇంకా కొంచెం బట్ట వేలాడుతూ ఉంటుంది కదా, దాన్ని పరుపు కిందకి దోపాలి. ఒక చెయ్యి పరుపు పక్కన ఆనించి మడత కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పైన వేసిన ముక్కోణాన్ని కిందకి దించి దాన్నీ దోపాలి. అయ్యాక మూల దగ్గర ఏటవాలుగా ఒక గీత కనబడుతుంది, కవరు అంటించినట్టు. మా అక్క దీన్ని ఇరవై సెకన్లలో వేస్తుంది. నాకు మూడు రోజులు పట్టింది. కానీ దోపు ఆరంగుళాలు లేకపోతే ఈ మడత వేయడమే కుదరదు, వేయబోతే ముక్కోణం చేతిలోకి రాదు. ఒకరకంగా ఇదే పరీక్ష. మూల మడత కూర్చుంటే దుప్పటి కొలత సరిపోయినట్టు.

ఎలాస్టిక్ దుప్పటి కొంటే ఈ బాధంతా తప్పుతుందని చాలామంది అనుకుంటున్నారు. తప్పుతుంది, ఒక షరతు మీద. ఎలాస్టిక్ దుప్పటికి వెడల్పు, పొడవులకంటే మూల లోతు ముఖ్యం. ఎనిమిదంగుళాల పరుపుకి మూల లోతు ఎనిమిదే ఉంటే ఎలాస్టిక్ పరుపు అడుగు అంచు మీద నిలబడుతుంది. పక్కకి తిరిగి పడుకోగానే టప్పున జారి పైకి వచ్చేస్తుంది. మందానికి కనీసం మూడంగుళాలు ఎక్కువుండాలి, అప్పుడే ఎలాస్టిక్ కింద తిరిగి పట్టుకుంటుంది. కవరు మీద ఎన్ని అంగుళాల పరుపుదాకా సరిపోతుందో రాసి ఉంటే చూసుకోండి, రాసి లేకపోతే మూల విప్పి టేపు పెట్టమనండి. దర్జీ చేత కుట్టించుకోవడం కష్టమేం కాదు. ముందు బట్టని రెండుసార్లు ఉతకాలి. మా 72 x 78 పరుపుకి పక్కకి ఎనిమిది మందం, మూడు కింద తిరగడానికి, అంటే అన్నివైపులా పదకొండు కలిపి 94 x 100 ముక్క కావాలి. ఎలాస్టిక్ గొట్టం మడతకి ఇంకో అంగుళం చొప్పున అదనం. నాలుగు మూలల్లో చతురస్రం కోసి, కోసిన రెండు అంచుల్నీ కలిపి కుడితే పెట్టె మూతలాగా వస్తుంది. దుకాణాల్లో దొరికేవాటిలో కొన్నిటికి ఎలాస్టిక్ మూలల్లోనే ఉంటుంది. చుట్టూ ఉన్నదే నిలుస్తుంది.

పరుపు మందం కొలిచేటప్పుడు ఒక మాట. బిల్లు మీద రాసింది నమ్మొద్దు. పాత పరుపు నడుం దగ్గర అణిగి ఉంటుంది, అంచు దగ్గర కాదు. దుప్పటి దిగేది అంచు నుంచి, కాబట్టి అంచు దగ్గరే కొలవాలి. పరుపు మీద స్కేలు అడ్డంగా బయటికి వచ్చేలా పెట్టి, అక్కణ్ణించి మంచం చెక్కదాకా టేపు దించాలి. పైన ఇంకో పల్చటి పరుపు వేస్తే దాని మందం కూడా కలపాలి. చుట్టూ అంచుకట్టు ఉన్న పెట్టె మంచాల్లో పరుపు రెండు మూడంగుళాలు లోపలికి కూరుకుని ఉంటుంది. అక్కడ దోపు కాస్త తక్కువైనా ఫరవాలేదు, పక్క చెక్క కూడా బట్టని పట్టుకుంటుంది. కాకపోతే దోపేటప్పుడు వేళ్ళు నలుగుతాయి.

దోపుకి ఇంకో చిక్కు ఉంది, అది అందానికి సంబంధించింది. పెడన కలంకారీ దుప్పటో, పోచంపల్లి ఇక్కత్ దుప్పటో కొంటాం. చుట్టూ పెద్ద అంచు, మధ్యలో నిండుగా నమూనా. తొమ్మిదంగుళాలు దోపి, ఎనిమిదంగుళాలు పక్కన దించేసరికి ఆ అంచంతా పరుపు కిందా, పక్కనా మాయమవుతుంది. అందుకే అలాంటివి రాత్రి పడుకునే దుప్పటిగా కాకుండా, పగలు మంచం మీద కప్పి వేలాడదీయడానికి వాడుకుంటే అందం దక్కుతుంది. పడుకోవడానికే కావాలంటే నిండా ఒకే నమూనా ఉన్నది ఎంచుకోవాలి. కలంకారీలో ఒక లాభం ఉంది. అద్దకానికి ముందూ తర్వాతా బట్టని చాలాసార్లు ఉతికి, రంగులో ఉడకబెడతారు. ముడుచుకోవడం చాలావరకు అక్కడే అయిపోతుంది.

ఈ దుప్పట్లే అమెరికా సూట్‌కేసుల్లోకి ఎక్కినప్పుడు అసలు కథ. అక్కడ క్వీన్ పరుపు 60 x 80, కింగ్ 76 x 80. పైకి చూస్తే మన కొలతలే. మందం మాత్రం పన్నెండు అంగుళాలు అక్కడ మామూలు, పద్నాలుగూ ఉంటాయి. అమ్మ ప్రేమగా పట్టుకెళ్ళిన 90 x 108 దుప్పటి అక్కడి క్వీన్ పరుపు మీద వేస్తే అడ్డంలో 60కి 24 కలిపి 84, పక్కకి మూడంగుళాలు. నిలువులో 80కి 24 కలిపి 104, పక్కకి రెండు. ఒక్క ఉతుకుతో అదీ పోతుంది. మరి వాళ్ళ సొంత క్వీన్ దుప్పటి 90 x 102యే కదా, అది ఎలా సరిపోతోందని అనుమానం రావచ్చు. సరిపోదు, సరిపోనక్కర్లేదు కూడా. వాళ్ళు పరుపు మీద ఎలాస్టిక్ దుప్పటి వేస్తారు. ఈ 90 x 102 దాని పైన, మనిషి కప్పుకోవడానికి, రజాయి ఒంటికి తగలకుండా. కాళ్ళవైపు మాత్రం దోపుతారు. మన దుప్పటిని పంపితే అలా పైన కప్పుకోమని చెప్పి పంపాలి. పరుపు మీద వేసేదే కావాలంటే క్వీన్‌కి 108 x 108 పంపండి. అదీ నిలువులో దోపు తక్కువే, తలవైపే దోపుకోమనండి.

దిండు దగ్గర దోపు లేదు, కానీ ఇంకో మోసం ఉంది. దిండు మీద రాసిన 17 x 27 అనేది దూది నింపక ముందు, ఖాళీ సంచీ బల్లపరుపుగా పరిచినప్పటి కొలత. నింపాక పొట్ట ఉబ్బి, వెడల్పూ పొడవూ లోపలికి వస్తాయి. అందుకని పైన టేపు పెట్టి కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. దిండు నడుం చుట్టూ టేపు తిప్పి, వచ్చినదాన్ని సగం చేయాలి. చుట్టుకొలత 34 వస్తే సగం 17, గలీబు లోపలి వెడల్పు ఒక అంగుళం ఎక్కువగా 18 ఉంటే చాలు. బజార్లో దుప్పటితోపాటు వచ్చే గలీబులు చాలావరకు 17 x 27 లేదా 18 x 28. ఇళ్ళలో కుక్కికుక్కి నింపిన బూరుగుదూది దిళ్ళు చుట్టుకొలతలో 38, 40 కూడా వస్తాయి. వాటికి ఈ గలీబు తొడిగితే దిండు రాయిలా బిగిసి మెడ పట్టేస్తుంది, కుట్లు నోరు తెరుస్తాయి. దిండు గలీబుకంటే పెద్దదైతే మెడనొప్పి, చిన్నదైతే మూలలు కుక్కచెవుల్లా వేలాడతాయి. ఇంట్లో కుట్టుకునేవాళ్ళకి 18 x 28 గలీబుకి 64 అంగుళాల పొడవు బట్ట కావాలి: ముందు వెనకలకి రెండు 28లు, దిండు బయటికి రాకుండా లోపలికి మడిచే మూతకి ఆరు, అంచులకి రెండు. ఆ మూత మూడంగుళాలే పెట్టి బట్ట మిగిల్చామనుకునే దర్జీలున్నారు, తెల్లారేసరికి దిండు సగం బయటుంటుంది.

రజాయి కవరుకి మళ్ళీ వేరే లెక్క. మన ఇళ్ళలో పాత చీరలు కుట్టిన బొంతకి కవరు ఎవరూ వేయరు, బొంతనే ఉతుకుతారు. కానీ ఏసీ గదులొచ్చాక కంఫర్టర్లూ, వాటికి కవర్లూ వచ్చాయి. లంబసింగి, ఆదిలాబాద్ వైపైతే చలికాలంలో ఏసీతో పని లేకుండానే కావాలి. రజాయికి దోపు అక్కర్లేదు, వేలాడడం కావాలి. ఐదడుగుల మంచం మీద 90 వెడల్పు రజాయి పక్కకి పదిహేను వేలాడుతుంది. ఆరడుగుల మంచం మీద అదే రజాయి పక్కకి తొమ్మిది. కింద పడుకున్న ఇద్దరి ఎత్తూ ఆ వెడల్పులోంచే తింటుంది. అందుకే అర్ధరాత్రి లాగులాటలు. ఆరడుగుల మంచం మీద ఇద్దరు పడుకుంటే 108 వెడల్పు రజాయి తీసుకోవాలి, లేదంటే చెరొక సింగిల్. పొడవులో మాత్రం ఇబ్బంది ఉండదు, దిండు దగ్గర అడుగు మేర కప్పం కదా.

కవరు రజాయి కొలతదే ఉండాలి, ఒకటి రెండు అంగుళాలు తగ్గినా మంచిదే, లోపల ముడతలు పడకుండా నిండుగా ఉంటుంది. అయితే రజాయి లోపలిది పాలిస్టర్ దూది, ముడుచుకోదు. కవరు కాటన్, ముడుచుకుంటుంది. 90 x 100 రజాయికి 90 x 100 కవరే తీసుకుంటే రెండు ఉతుకుల తర్వాత 87 x 95 అవుతుంది, లోపల రజాయి అంచులు మడతలు పడి గట్లు కడుతుంది. అందుకని ముందే ఉతికి ముడిచిన బట్టతో కుట్టినదో, నాలుగంగుళాలు పెద్దదో తీసుకోవాలి. కొత్తలో వదులుగా ఉన్నన్నాళ్ళు లోపల మూలల్లో నాలుగు జతల నాడాలు కుట్టించి రజాయి మూలలకి కట్టేస్తే, అంతా ఒక మూలకి జారిపోదు.

ఈసారి దుకాణానికి వెళ్ళేటప్పుడు మీ ఫోన్లో మూడు అంకెలు రాసుకుని వెళ్ళండి: పరుపు వెడల్పు, పొడవు, అంచు దగ్గర మందం. "డబులా సింగిలా" అని అడిగితే ఆ మూడూ చెప్పండి. ఆయన తల గోక్కుంటే, కవరు విప్పించి టేపు పెట్టించండి. 90 అని రాసిన దుప్పటి 88 ఉండడం నేను కళ్ళారా చూశాను.

మా రెండు 90 x 100 దుప్పట్లూ మా అక్క పట్టుకెళ్ళిపోయింది. వాళ్ళింట్లో మంచం ఐదు బై ఆరుంబావు, పరుపు అయిదంగుళాలు. ముడుచుకున్నాక కూడా పక్కకి ఎనిమిదిన్నర, తలవైపూ కాళ్ళవైపూ అయిదేసి అంగుళాలు వచ్చింది. తనకి నిలువులో కాస్త తక్కువనిపించి, తలవైపు ఎనిమిది దోపి, కాళ్ళవైపు రెండు వదిలింది. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, ఏటవాలు గీత మూల దగ్గర అలాగే ఉంది.